యూనిట్‌కు పది రూపాయలు

మా రైసు మిల్లు చోడవరం నుంచి బుచ్చయ్యపేట వెళ్ళే దారిలో ఉంది. కాగితాల మీద ముగ్గురం భాగస్తులం: నేను, నా పెద్దకొడుకు, చిన్నకొడుకు. పెద్ద ఖర్చు దేనికైనా ముగ్గురి సంతకాలూ పడాలని మా ఆయన పోయేముందే రాయించి పెట్టారు. నా చదువు నాలుగో తరగతి సగంలో ఆగింది. తెలుగు చదువుతాను, అంకెలు బాగా వచ్చు, ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు కాగితమేదైనా నా ముందు పెడితే, పైనుంచి కింద దాకా తెలుగులో చెప్పించుకోకుండా సంతకం పెట్టను. దీని వల్ల మా పిల్లలు నన్ను చాలాసార్లు విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకున్నాను.

ఆ ఏడు మిల్లు మూసి రిపేర్లు చేయిస్తున్న రోజుల్లో ఒక మెమో వచ్చింది. రాసింది మా ప్లాంటు ఇంజనీరు. కె.కోటపాడు అమ్మాయి. విశాఖపట్నంలో చదువుకుని, అక్కడే ఒక ఫ్యాక్టరీలో రెండేళ్ళు చేసి మా దగ్గరికి వచ్చింది. మా చిన్నవాడు తెచ్చి పెట్టాడు. మా పెద్దవాడికి మొదటి నుంచీ ఇష్టం లేదు. ముప్ఫై ఏళ్ళుగా పాత మేస్త్రీ చెవి ఆనించి, మోటారు చప్పుడు విని రోగం చెప్పే మిల్లులో డిగ్రీ ఇంజనీరు ఎందుకని వాడి వాదం. జీతం అంకె విన్నాక నేనూ వాడి పక్షమే చేరాను. ఏడాది చూద్దాం, ఆ ఏడాదిలో తన జీతానికి సరిపడా పని చూపిస్తే ఉంచుదాం, లేకపోతే పంపేద్దాం అని ముగ్గురం మాట అనుకున్నాం. ఆ సంగతి ఆ అమ్మాయికీ తెలుసు. ఏడాది పూర్తి కావడానికి నెల ఉందనగా ఈ మెమో ఇచ్చింది.

మిల్లు ఆఫీసు గదిలో కూర్చున్నాం. మర తిరగని రోజుల్లో ఆ గదిలో మనిషి గొంతు మరీ గట్టిగా వినిపిస్తుంది. మా గుమస్తా తలుపు పక్కన తన బల్ల దగ్గరున్నాడు. మా ఆయన నాటి నుంచి ఉన్న మనిషి.

"సెప్పు గుంటా, ఏటి రాసేవో," అన్నాను.

"మన గొడౌను కప్పు మీద రెండు వందల కిలోవాట్ల సోలార్ పలకలు పెడదామని రాసేను మామ్మగారూ. ఖర్చు తొంభై లక్షలు."

పక్క గదిలో ఎవరూ లేకుండా ఫ్యాను తిరుగుతుంటే లేచి వెళ్ళి ఆపి వచ్చే మనిషిని నేను. తొంభై లక్షలు అనే మాట ఆ గదిలో అంత మామూలుగా ఎవరైనా అనగలరని నేను అనుకోలేదు. పెద్దవాడి వైపు చూశాను. వాడు నవ్వుతున్నాడు. అది నాకు ఇంకో దెబ్బ. అన్నిటికీ అడ్డం పడేవాడు దీనికి ఎందుకు నవ్వుతున్నాడు?

"ముందు మొత్తం విను అమ్మా," అన్నాడు వాడు. "నేనూ తొంభై అనగానే కాగితం విసిరేద్దునే. చివర వరకూ సదివేను."

ఆ అమ్మాయి తొందరపడకుండా చెప్పింది. ఆ పలకలు ఏడాదికి రెండు లక్షల ఎనభై వేల యూనిట్లు ఇస్తాయి. మొదట్లో కొంచెం ఎక్కువ, పోనుపోను తక్కువ, ఇరవై ఏళ్ళ సగటు అది. మనకు యూనిట్ పది రూపాయలు పడుతోంది కాబట్టి ఏడాదికి ఇరవై ఎనిమిది లక్షలు మిగులు. అందులో పలకలు కడిగించడానికి, ఇన్సూరెన్సుకి, ముందుముందు ఇన్వర్టరు మార్పుకి కలిపి లక్షా అరవై వేలు తీసేస్తే ఇరవై ఆరు లక్షల నలభై వేలు.

"ఊక దుమ్ము సంగతేటి? మన కప్పు మీద వేలెడు మందాన పడతాది."

"అందుకే మామ్మగారూ, వారానికి రెండుసార్లు కడగాలని రాసేను. ఆ కూలీ ఆ లక్షా అరవైలోనే ఉంది."

ఆ జవాబు నాకు నచ్చింది. నచ్చినట్టు కనిపించనివ్వలేదు.

"పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకి తిరిగొస్తుందో దాన్ని పేబ్యాక్ అంటారు. మూడేళ్ళ ఐదు నెలలు," అంది. "ఇంకోటి ఎన్పీవీ అని ఉంది. ఇవాళ మీ చేతిలో ఉన్న వంద, పన్నెండు శాతం వడ్డీ లెక్కన పై ఏడాదికి నూట పన్నెండు అవ్వాలి కదా. అంటే పై ఏడాది వచ్చే నూట పన్నెండు ఇవాళ్టి వందతో సమానం. ఆ తర్వాతి ఏడాది వచ్చేది ఇంకా తక్కువకి సమానం. ఇలాగ ఇరవై ఏళ్ళ మిగులునీ ఇవాళ్టి విలువకి దించి, కలిపి, అందులోంచి మనం పెట్టే తొంభై తీసేస్తే ఎంత మిగిలిందో అదే ఎన్పీవీ. పన్నులు పక్కన పెట్టి సూస్తే కోటీ ఏడు లక్షలు వస్తంది."

ఆ దించే లెక్క నాకు వెంటనే అర్థమైంది. చీటీ ముందు పాడుకున్నవాళ్ళు ఎందుకు తక్కువ తీసుకుంటారో తెలిసిన ఏ ఆడమనిషికైనా అర్థమవుతుంది. కానీ కోటీ ఏడు లక్షలు! మా మామగారు వడ్ల పొట్టు తీసే ఒక్క హల్లరుతో మొదలుపెట్టిన మిల్లు ఇది. ఇన్నేళ్ళు ధాన్యం ఆడి, తవుడు అమ్మి, ఊక కూడా వృథా పోనీకుండా మేం సంపాదించిన దాని పక్కన, ఊరికే ఎండలో పడుకునే పలకలు అంత తెచ్చిపెడతాయంటే ఆ అంకెని వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకున్నాను.

"పలకల కంపెనీవాడు ఈ రేటు శనివారం దాకే అన్నాడమ్మా," అన్నాడు చిన్నవాడు. "నువ్వు సంతకం పెట్టెయ్యి. మేం పెట్టేస్తాం."

"పెద్దోడా, నీకు నమ్మకం కుదిరిందేటి?"

"కుదిరింది. ఇంజనీరు దండగన్నాను గదా, ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నాను. దీంతో పదేళ్ళ జీతం సంపాదించేసింది." ఆ అమ్మాయి తల వంచుకుని కాగితాలు సర్దుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. ఏడాదిలో పెద్దవాడి నోట మంచి మాట రావడం అదే మొదటిసారి.

నేను రెండు రోజులు గడువు అడిగాను. ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. శుక్రవారం చెప్తానని లేచాను.

గురువారం కరెంటు బిల్లు వచ్చింది. మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. మిల్లుకు వచ్చే బిల్లు ఏదైనా ముందు నా చేతికి రావాలి. నేను అంకెలు చూసి పసుపు పూసిన దారానికి గుచ్చిన తరవాతే గుమస్తా దగ్గరికి వెళ్తుంది. ఆ బిల్లు చూసి నేను మామూలుగానే తిట్టుకున్నాను. నెలంతా మిల్లు మూసే ఉంది. రాత్రి కాపలా దీపం, రిపేరుకి వాడిన వెల్డింగు తప్ప ఏమీ లేదు. అయినా డిమాండు చార్జీ అని తొంభై ఐదు వేలు.

ఇది నాకు కొత్త కాదు. మిల్లుకు పెద్ద లైను తీసుకున్న తొలి ఏడాది ఇలాగే మూసిన నెలకి బిల్లు వస్తే, నేను కరెంటు ఆఫీసుకే వెళ్ళి లైన్‌మన్‌తో పోట్లాడాను. "మర తిరగలేదు, బిల్లేటి?" అంటే, "మీరు ఇంత కరెంటు కావాలని రాయించుకున్నారు గదమ్మా. మీరు వాడినా మానినా మేం అంత ఉంచాలి. దానికి అద్దె ఇది," అన్నాడతను. అద్దె అంటే నాకు తెలుసు. బండి కట్టించుకుని ఎక్కకపోయినా బాడుగ ఇవ్వాలి. నోరు మూసుకుని వచ్చేశాను.

ఆ బిల్లు దారానికి గుచ్చబోయి ఆగాను. సూది కాగితంలోకి సగం దిగి ఉంది. మర తిరగకపోయినా వచ్చే ఈ తొంభై ఐదు వేలను కప్పు మీది పలకలు ఎలా తగ్గిస్తాయి? నాకే ఏదో తెలియక అలా అనిపిస్తోందని, చదువుకున్న పిల్ల ఇది చూసుకోకుండా ఉంటుందా అని అనుకున్నాను. అయినా ఆ బిల్లు దారానికి గుచ్చకుండా పక్కన పెట్టాను.

శుక్రవారం పొద్దున్న అదే గదిలో, అందరి ముందూ ఆ బిల్లు బల్ల మీద పెట్టాను.

"పలకలు పెట్టేక ఈ తొంభై ఐదు వేలు పోతాదా గుంటా?"

ఆమె బిల్లు అందుకుని చూసింది. ముందు నావైపు నవ్వుతూ చూసింది. తరవాత మళ్ళీ బిల్లు చూసింది. నవ్వు మానేసింది. పెన్ను తీసి మెమో వెనకే లెక్క వేయడం మొదలుపెట్టింది.

"పోదు మామ్మగారూ," అంది చివరికి. "ఇది యూనిట్లకి కట్టేది కాదు. రాయించుకున్న లోడుకి కట్టేది. సోలారు దీన్ని తగ్గించదు. ఏడాదికి మన బిల్లు నలభై లక్షలు, యూనిట్లు నాలుగు లక్షలు. అందులో పన్నెండు లక్షలు ఈ డిమాండు చార్జీలే. మిగతా ఇరవై ఎనిమిది లక్షలే యూనిట్లవి. అంటే యూనిట్‌కి నిజంగా తగ్గేది ఏడు రూపాయలు. నేను పది వేసేను."

"ఏటీ?" అని పెద్దవాడు కుర్చీలోంచి లేచాడు.

"ఇంకోటి కూడా ఉంది సార్," అని ఆమె ఆగలేదు. ఆగి ఉంటే ఆమెకే మేలయ్యేది. "ఏటా మిల్లు మూసే మూడు నెలల్లో పుట్టే యూనిట్లు సుమారు అరవై వేలు. అవి మనం వాడం, కరెంటువాళ్ళ లైనులోకి పోతాయి. వాటికి మూడు రూపాయలే ఇస్తారు. వాటికీ నేను పదే వేసేను."

"మూడు రోజుల్నుంచి ఊరంతా సెప్పుకున్నానే నేను! అనకాపల్లిలో మిల్లరులకి కూడా సెప్పేను కోటి మిగులుతాదని! అమ్మ అడక్కపోతే ఇవాళ సంతకాలు అయిపోయేవి." వాడు చిన్నవాడి వైపు తిరిగాడు. "ఇదేనేటిరా నీ ఇంజనీరు? బిల్లు సదవడం రాదు! అమ్మాయ్, నెల కూడా ఆగక్కర్లేదు. రేపట్నుంచి రావద్దు. లెక్క సూసి ఇచ్చేస్తారు."

చిన్నవాడు తల దించుకున్నాడు. ఆమె ఏడవలేదు. కాగితాలు ఒక్కొక్కటీ కవరులో పెట్టుకుంది.

"తప్పు నాదే సార్. బిల్లు నేను తెరిచి చూడాల్సింది. పుస్తకంలో యూనిట్ పది అని ఉంటే అదే తీసుకున్నాను."

"ఏ పుస్తకం?" అన్నాను.

గుమస్తా కరెంటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. ప్రతి నెలకీ ఒక గీత: యూనిట్లు, మొత్తం బిల్లు. ఏడాది చివర ఒక గీత: మొత్తం బిల్లుని మొత్తం యూనిట్లతో భాగించి, యూనిట్ ధర. పోయిన ఏడు పది. అంతకు ముందు తొమ్మిది డెబ్బై. డిమాండు చార్జీకి వేరే గడి లేదు.

"అది నాన్నగారి లెక్క!" అన్నాడు పెద్దవాడు. "ముప్ఫై ఏళ్ళబట్టి ఆ లెక్క మీదే రైతుల ధాన్యం ఆడించే కూలి రేటు కడతన్నాం. ఒక్క ఏడు నష్టం రాలేదు. తన తప్పు కప్పుకోడానికి మా నాన్న లెక్క మీద పెడతాదేటి?"

"ఎవరి లెక్కా తప్పనలేదు సార్ నేను," అంది ఆమె. కవరు మూసి లేచి నిలబడింది.

నేను గుమస్తా వైపు చూశాను. అతను నేల చూస్తున్నాడు. ఆ గదిలో ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే. అతను చెప్పడు, ప్రాణం పోయినా చెప్పడు. ఊరుకుంటే ఆ గుమ్మం దాటి ఆ పిల్ల వెళ్ళిపోతుంది, మా పెద్దవాడి కోపం చల్లారుతుంది, మా ఆయన పేరు అలాగే నిలుస్తుంది. ఊరుకుందామనే అనిపించింది. సిగ్గుపడకుండా రాస్తున్నాను, ఒక క్షణం నిజంగానే అనిపించింది.

"కూకో అమ్మా," అన్నాను ఆమెతో. "ఒరే, అది మీ నాన్న లెక్క కాదురా. నాది."

పెద్దవాడు నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

లైన్‌మన్‌తో పోట్లాడి వచ్చిన ఏడే ఆ లెక్క పెట్టించాను. అప్పట్లో మా ఆయన రైతుల దగ్గర ఆడించే కూలి నిర్ణయించేటప్పుడు యూనిట్లకి పడేది మాత్రమే చూసేవారు. మూసిన నెలల అద్దె ఎవరి మీదా పడక మా నెత్తినే పడేది. మొత్తం బిల్లుని యూనిట్ల మీద పంచి, ఆ ధర మీదే కూలి కట్టమని నేను పట్టుబట్టాను. ఆయన పది రోజులు వినలేదు. పదకొండో రోజు గుమస్తాని పిలిచి, తనే ఆలోచించినట్టు చెప్పి రాయించారు. బయట అందరూ ఆయన తెలివి అన్నారు. నేను అవుననీ కాదనీ అనలేదు. ఇంటి మగాడి పేరు మీద మిల్లు నడిచేది కాబట్టి అదీ ఆ పేరు మీదే పోయింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకూ సగం మరుపొచ్చింది. ఆ పుస్తకం నా ముందు తెరిచి ఉంటే నా చేతి వంటని ఎవరో తిని ఒళ్ళు చెడగొట్టుకున్నట్టు అనిపించింది.

ఇదంతా వాళ్ళకి చెప్పాను.

"కూలి కట్టుకోడానికి ఆ లెక్క సరైందే," అంది ఆ అమ్మాయి, మెల్లిగా. "మిల్లు ఖర్చు అంతా అందులో పడాలి కదా మామ్మగారూ. సోలారుకి మాత్రం అది వాడకూడదు. తగ్గేదొక్కటే చూడాలి."

"ఆ సంగతి నీకు సెప్పింది ఎవరే? ఆ పుస్తకం మీద ఇది దేనికో ఒక ముక్క రాయించలేదు నేను. ఇంజనీరు తెలుసుకోవాలి, నిజమే. తెలుసుకోకపోవడం నీ తప్పు. రాయించకపోవడం నా తప్పు. ఒరే పెద్దోడా, ఈ గుంటని పంపించాలంటే ముందు నన్ను పంపించు. నేను భాగస్తురాలిగా దిగిపోతాను. దిగిపోతే ఈ మిల్లులో ఏ కాగితానికీ నా సంతకం ఉండదు, సూసుకో."

"అలగంటావేటమ్మా..." అని వాడు మధ్యలో ఆపేసి కూర్చున్నాడు. గుమస్తా తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

కంపెనీవాడికి చిన్నవాడే ఫోను చేసి, రేటు పోతే పోనీ, వారం కావాలన్నాడు. కంపెనీవాడు వారం కాదు, రెండు వారాలు తీసుకోండి అన్నాడట. శనివారం గడువు ఏమైపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ వారం ఆ అమ్మాయి ఇరవై నాలుగు నెలల బిల్లులు నా దారాల నుంచి తీయించి, ఒక్కొక్కదానిలో డిమాండు చార్జీ వేరు, యూనిట్లు వేరుగా రాసుకుంది. నేను పక్కనే కూర్చుని అంకెలు చదివాను. రెండో మెమోలో ఆ ఇరవై ఆరు లక్షల నలభై వేలు ఎక్కడా లేదు. మనం వాడుకునే రెండు లక్షల ఇరవై వేల యూనిట్లకి ఏడు రూపాయలు, లైనులోకి పోయే అరవై వేలకి మూడు. ఏడాదికి పదిహేడు లక్షల ఇరవై వేలు. ఖర్చులు పోను పదిహేను లక్షల అరవై వేలు. పేబ్యాక్ ఐదేళ్ళ తొమ్మిది నెలలు. ఎన్పీవీ ఇరవై ఆరున్నర లక్షలు. ప్రతి అంకె పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసింది.

కోటీ ఏడు లక్షలు కాస్తా ఇరవై ఆరున్నర అయిపోయింది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఎండ అదే, పలకలు అవే, పెట్టే తొంభై లక్షలు అవే. మారింది నా పుస్తకంలో ఒక్క గీత. ఇన్నేళ్ళుగా ఇంకెన్ని లెక్కలకి ఆ గీత వాడారో అని భయం వేసింది.

"అయినా లాభమే కదమ్మా," అన్నాడు చిన్నవాడు. "పన్నెండు శాతం పోను ఇంకా మిగులుతంది."

"ఇది నేను నమ్ముతాను," అన్నాను. సంతకం పెట్టాను. చిన్నవాడు పెట్టాడు. పెద్దవాడు కాగితం తన వైపు లాక్కుని, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. వాడు ఏ కాగితమైనా అలా చదవడం నేను చూడలేదు. కిందిదాకా వచ్చి పెన్ను పట్టుకుని ఆగాడు.

"అమ్మా, నాన్నగారి లెక్కలు అనుకున్నవాటిల్లో ఇంకా ఏవేవి నీవి?"

ఆ మాట వాడు కోపంతో అడగలేదు. ఆ గొంతులో ఏముందో నాకు అందలేదు. చెప్పాలంటే చాలా ఉన్నాయి. అవన్నీ ఆ రోజే చెబితే వాడు తండ్రిని ఇంకోసారి పోగొట్టుకున్నట్టవుతుంది.

"అవన్నీ ఒకటొకటిగా సెప్తాను," అన్నాను. "ముందు సంతకం పెట్టు. పెట్టి, ఆ గుంటకి పర్మినెంటు ఉద్యోగం కాగితం రాయించు. మనం అనుకున్న ఏడాది అయిపోవొచ్చింది."